హోటల్ ఖాళీ చేసి వారం దాటింది, కార్డులో 20,000 ఇంకా బ్లాక్‌లోనే ఉంది. ఎన్నాళ్లు పడుతుంది?

అనంతపురం_శీను
మా అమ్మాయిని కాలేజీలో చేర్చడానికి బెంగళూరు వచ్చి మారతహళ్లి దగ్గర ఒక హోటల్లో మూడు రాత్రులు ఉన్నాం. దిగేటప్పుడు రిసెప్షన్‌లో నా డెబిట్ కార్డు మీద 20,000 డిపాజిట్ పెట్టారు. "చెకౌట్ అవ్వగానే అదే వెళ్లిపోతుంది సార్" అన్నారు. ఖాళీ చేసే రోజు బిల్లు 14,280 అయింది, అదే కార్డుతో కట్టేశాను. వారం దాటింది, ఆ 20,000 మాత్రం కదల్లేదు. అమ్మాయి పీజీ వాళ్లు అడ్వాన్సు 15,000, మొదటి నెల 9,000 కలిపి 24,000 అడుగుతున్నారు. నా డబ్బు నా ఖాతాలోనే ఉండి నాకు పనికిరావడం లేదు. హోటల్‌కి ఫోన్ చేస్తే బ్యాంకుని అడగమంటారు, బ్యాంకుకి చేస్తే హోటల్‌ని అడగమంటారు. అసలు ఎన్ని రోజులకి వస్తుందిది?

కోరమంగళ_కుర్రోడు
నాకూ సేమ్ అన్నా. ఇప్పటికీ రాలేదు. థ్రెడ్ ఫాలో అవుతున్నా.

రూల్స్_రమణ
టెన్షన్ పడకండి. ఆర్‌బీఐ రూల్ ఉంది. 5 రోజుల్లో తిరిగి వేయకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలి. ఒక మెయిల్ కొట్టండి, పరుగెత్తుకుంటూ వస్తారు.

వేళచ్చేరి_వాణి
నేను ఒక యాప్‌లో రూమ్ బుక్ చేసి క్యాన్సిల్ చేశాను. రిఫండ్ పదిహేను రోజులైనా రాలేదు. వాళ్లు యాప్ వాలెట్‌లో వేసి కూర్చున్నారు. మీరు కూడా యాప్ వాలెట్ ఒకసారి చూడండి శీను గారూ.

అనంతపురం_శీను
వాణి గారూ, నేను క్యాన్సిల్ చేయలేదండీ, ఉండి వచ్చాం. యాప్ కూడా లేదు, నేరుగా వెళ్లి దిగాం.

డెస్క్_వెనక_రాజు
బెంగళూరు హోటళ్లలో ఫ్రంట్ ఆఫీసులో చాలా ఏళ్లు చేశాను, తర్వాత అదే లైన్లో అకౌంట్స్‌కి మారాను. శీను గారూ, ముందు రెండు విషయాలు చెప్పండి. ఒకటి, బ్యాంకు యాప్‌లో మొత్తం బ్యాలెన్స్ ఒకటి, వాడుకోగలిగే బ్యాలెన్స్ ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. ఆ రెండు అంకెలు ఎంతెంత ఉన్నాయి? రెండోది, ఖాళీ చేసే రోజు బిల్లు కట్టేటప్పుడు మిమ్మల్ని మళ్లీ పిన్ నొక్కమన్నారా?

అనంతపురం_శీను
మొత్తం 36,720 చూపిస్తోంది. వాడుకోవడానికి 16,720 మాత్రమే. మధ్యలో ఇంకేమీ ఖర్చు చేయలేదు. హోటల్లో దిగేముందు ఖాతాలో 51,000 ఉంది. పిన్ అడిగారు, రెండుసార్లూ నేనే నొక్కాను. దిగిన రోజు ఒకసారి, వెళ్లే రోజు ఒకసారి.

డెస్క్_వెనక_రాజు
అయితే విషయం తేలింది. 51,000లోంచి బిల్లు 14,280 పోతే 36,720. అంటే ఖాతాలోంచి నిజంగా బయటికి వెళ్లింది బిల్లు డబ్బే. ఆ 20,000 హోటల్ ఖాతాలోకి వెళ్లలేదు, మీ బ్యాంకు దాన్ని పక్కన పెట్టి తాళం వేసింది. హోటల్‌ వాళ్లు "మా దగ్గర మీ డబ్బు లేదు" అంటే అది అబద్ధం కాదు. కానీ తాళం తీయమని బ్యాంకుకి చెప్పాల్సింది కూడా వాళ్లే, అసలు చిక్కు అక్కడుంది.

దిగినప్పుడు మెషిన్లో కొట్టేది ప్రీ-ఆథ్, అంటే డబ్బు తీసుకోకుండా ముందుగా పట్టి ఉంచడం. వెళ్లే రోజు చేయాల్సిన పద్ధతి ఏంటంటే, మెషిన్లో కంప్లీషన్ అనే ఆప్షన్ నొక్కి, పాత స్లిప్ మీదున్న అప్రూవల్ కోడ్ టైప్ చేసి, అసలు బిల్లు 14,280 వేయాలి. అప్పుడు ఆ 20,000 లోంచే బిల్లు తెగుతుంది, మిగతా 5,720 మీద పట్టు పోతుంది. దీనికి సాధారణంగా కస్టమర్ పిన్ అవసరం ఉండదు. మిమ్మల్ని పిన్ అడిగారంటే మామూలు కొనుగోలు లాగా కొత్తగా ఇంకో సేల్ కొట్టారన్నమాట. పాత ప్రీ-ఆథ్‌కీ కొత్త సేల్‌కీ లింకు లేదు. బ్యాంకు కంప్యూటర్‌కి ఆ బిల్లు వేరు, ఈ 20,000 వేరు. హోటల్ ఇంకా బిల్లు పంపుతుందేమో అని అది కాచుకుని కూర్చుంది.

మైలాపూర్_మావయ్య
తాళం ఒకడి దగ్గర, తాళంచెవి ఇంకొకడి దగ్గర. మధ్యలో వాకిట్లో నిలబడ్డది శీను.

నెల్లూరు_నాగమణి
ఇంత పెద్ద హోటళ్లకి ఆ ఆప్షన్ నొక్కడం కూడా తెలీదా రాజు గారూ? కావాలనే చేస్తారేమో.

డెస్క్_వెనక_రాజు
కావాలని చేస్తే వాళ్లకొచ్చే లాభం ఏమీ లేదు నాగమణి గారూ, వడ్డీ కూడా రాదు. జరిగేది ఏంటంటే, డెస్క్ మీద రెండు మూడు మెషిన్లు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో బ్యాంకుది. రాత్రి షిఫ్ట్ వాడు ఎడమ పక్క మెషిన్లో ప్రీ-ఆథ్ కొడతాడు. పొద్దున పదకొండింటికి చెకౌట్ రద్దీలో ఇంకో కుర్రాడు చేతికి దొరికిన మెషిన్ తీస్తాడు. ఆ మెషిన్లో పాత కోడ్ తీసుకోదు, ఎందుకంటే ప్రీ-ఆథ్ ఏ మెషిన్ లైన్లో పడిందో దాంట్లోనే పూర్తి చేయాలి. వెనక లగేజీతో పదిమంది నిలబడి ఉంటారు. "సార్ కార్డు ఇవ్వండి" అని కొత్త సేల్ కొట్టేస్తాడు. ప్రీ-ఆథ్ స్లిప్ ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది. తర్వాత ఎవరైనా దాన్ని తీసి రద్దు చేస్తే సరి, మర్చిపోతే మీలాంటి కేసు.

శీను గారూ, రెండు స్లిప్పులూ ఉంటే తీసి చూడండి. ఒకదాని మీద PRE-AUTH అని, రెండోదాని మీద SALE అని ఉంటుంది. అప్రూవల్ కోడ్‌లు ఆరు అక్షరాలవి, రెండూ వేరువేరుగా ఉంటే నేను చెప్పిందే జరిగింది. రెండింటి మీదా TID అని మెషిన్ నంబర్ ఒకటి ఉంటుంది, అది కూడా తేడా ఉందా చూడండి.

రూల్స్_రమణ
కారణం ఏదైనా 5 రోజుల రూల్ ఉంది కదా రాజు గారూ. దాని సంగతి చెప్పరేం?

డెస్క్_వెనక_రాజు
రూల్ ఉంది, కానీ ఇక్కడ పనిచేయదు. మీరు చెప్పేది 2019 సెప్టెంబర్ 20న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్. అది ఫెయిలైన లావాదేవీల గురించి. దుకాణంలో కార్డు గీస్తే ఖాతాలో డబ్బు తెగి, దుకాణదారు మెషిన్లో స్లిప్ రాలేదనుకోండి, అలాంటిది 5 రోజుల్లో తిరిగి వేయాలి, ఆ తర్వాత రోజుకి 100. శీను గారి ప్రీ-ఆథ్ ఫెయిల్ కాలేదు, దిట్టంగా సక్సెస్ అయింది. అదే సమస్య. మీ మెయిల్ చూసి బ్యాంకు వాళ్లు రెండు లైన్లలో "ఇది ఫెయిల్డ్ ట్రాన్సాక్షన్ కాదు" అని రాసి కేసు మూసేస్తారు. దాంతో ఇంకో నాలుగు రోజులు వృథా.

రూల్స్_రమణ
సర్క్యులర్ నేనూ చదివాను. కస్టమర్ డబ్బు ఆగిపోయింది కదా, దాని ఉద్దేశం ఇదే. ఒప్పుకోను.

మైలాపూర్_మావయ్య
ఉద్దేశాలకి రోజుకి వంద ఇవ్వరు రమణా.

గచ్చిబౌలి_టు_గిండి
సింగపూర్ వెళ్లినప్పుడు ఫారెక్స్ కార్డు మీద డిపాజిట్ పెట్టాను. తిరిగొచ్చి నెల తిరిగేదాకా రాలేదు. ఇక్కడ వారానికే గోల చేస్తున్నారు.

డెస్క్_వెనక_రాజు
మీది నెల పట్టడంలో ఆశ్చర్యం లేదు. హోటల్ ప్రీ-ఆథ్‌లు వీసా, మాస్టర్‌కార్డ్ రూల్స్‌లో దాదాపు 30 రోజుల దాకా చెల్లుతాయి. మామూలు షాపింగ్ ఆథరైజేషన్‌కి అంత ఆయుష్షు ఉండదు. హోటల్ ఏమీ చేయకపోతే అది తనంతట తాను పడిపోయేదాకా ఆగాలి, ఎన్నో రోజున పడిపోతుందనేది కార్డు ఇచ్చిన బ్యాంకు తన సిస్టంలో పెట్టుకున్న గడువును బట్టి ఉంటుంది. కొన్ని బ్యాంకులు వారం, పది రోజులకే ఎత్తేస్తాయి, కొన్ని నెలంతా లాగుతాయి. అందుకే ఈ థ్రెడ్‌లో ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతారు, ఎవరిదీ తప్పు కాదు.

హొసూర్_హరి
సింపుల్ విషయం. డెబిట్ కార్డు హోటల్లో ఇవ్వకూడదు. క్రెడిట్ కార్డు ఇస్తే లిమిట్ తగ్గుతుందంతే, చేతిలో డబ్బు చేతిలోనే ఉంటుంది.

నెల్లూరు_నాగమణి
అందరికీ క్రెడిట్ కార్డు ఉంటుందా హరి గారూ? మా ఆయన కార్డు లిమిటే 40,000. అందులో 20,000 నెల రోజులు కట్టేస్తే మిగిలిన 20,000తో ఏం చేస్తాం? పైగా బిల్లులో ఆ 20,000 కూడా వచ్చి మినిమం డ్యూ పెరుగుతుందేమో అని భయం.

హొసూర్_హరి
బిల్లులో రాదు మేడం. హోల్డ్ మీద వడ్డీ కూడా పడదు. హోటల్ దాన్ని బిల్లుగా మారిస్తేనే స్టేట్‌మెంట్‌లోకి వస్తుంది. లిమిట్ మాట మీరన్నది నిజమే.

తిరుపతి_తేజ
నేను డిపాజిట్ యూపీఐలో ఇస్తా. వెళ్లేటప్పుడు అక్కడే నిలబడి తిరిగి వేయించుకుంటా. ఈ గొడవే ఉండదు.

డెస్క్_వెనక_రాజు
తేజ గారూ, క్యూఆర్ స్కాన్ చేసి కొడితే అది డిపాజిట్ పేరుతో చేసిన మామూలు చెల్లింపు. డబ్బు హోటల్ ఖాతాలోకి పోయినట్టే. నిలబడి వేయించుకోగలిగితే బాగుంది. కానీ చిన్న హోటళ్లలో పొద్దున్నే "అకౌంట్స్ వాళ్లు పదింటికి వస్తారు సార్" అంటారు, మీ రైలు ఎనిమిదింటికి ఉంటుంది. అప్పుడు మీది హోల్డ్ కూడా కాదు, రిఫండ్. గడువు తీరితే దానంతట అదే రాలిపోయే సౌకర్యం కూడా ఉండదు.

ఇంకో మాట. కొన్ని మెషిన్లు డెబిట్ కార్డుకి ప్రీ-ఆథ్ తీసుకోవు. అప్పుడు డెస్క్ వాళ్లు డిపాజిట్‌ని కూడా సేల్‌గానే కొట్టేస్తారు. అదైతే మొత్తం బ్యాలెన్స్ కూడా తగ్గుతుంది. శీను గారిని మొదట రెండు అంకెలూ అడిగింది అందుకే.

అనంతపురం_శీను
రాజు గారూ, స్లిప్పులు దొరికాయి. పర్సులో మడతపెట్టి ఉన్నాయి, మొదటిది సగం మాసిపోయింది. లైటు కింద అడ్డంగా పట్టుకుని ఫోన్ కెమెరాతో పెద్దది చేస్తే PRE-AUTH, 20000.00 కనిపించింది. రెండోది SALE. అప్రూవల్ కోడ్‌లు వేరు. TID కూడా వేరు. మీరు చూసినట్టే చెప్పారు. ఇప్పుడు హోటల్లో ఎవరిని పట్టుకోవాలి? రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తే అమ్మాయి "మా వైపు నుంచి రిలీజ్ చేసేశాం సార్" అనే మాటే చెబుతోంది.

డెస్క్_వెనక_రాజు
రిసెప్షన్ వద్దు. డ్యూటీ మేనేజర్‌ని అడిగి, అకౌంట్స్ వాళ్ల మెయిల్ ఐడీ తీసుకోండి. మెయిల్లో ఎక్కువ కథ వద్దు. దిగిన తేదీ, గది నంబర్, బిల్లు నంబర్, కార్డు చివరి నాలుగు అంకెలు, ప్రీ-ఆథ్ మొత్తం, దాని అప్రూవల్ కోడ్, TID రాయండి. రెండు స్లిప్పుల ఫొటోలు పెట్టండి. మాసిపోయిన దాన్ని ఇప్పుడే ఫొటో తీసి దాచుకోండి, ఇంకో నెలకి తెల్లకాగితం అయిపోతుంది. కార్డు నంబర్ పూర్తిగా మాత్రం రాయొద్దు, వాళ్లడిగినా ఇవ్వొద్దు.

రెండే అడగండి. ఒకటి, ప్రీ-ఆథ్ రద్దు చేసిన స్లిప్. నిజంగా రిలీజ్ చేసి ఉంటే మెషిన్ నుంచి స్లిప్ వస్తుంది, ఫొటో పంపడం నిమిషం పని. పంపలేకపోతున్నారంటే చేయలేదనే అనుకోండి. రెండోది, హోటల్ లెటర్‌హెడ్ మీద మీ బ్యాంకు పేరున ఒక ఉత్తరం. "ఫలానా అప్రూవల్ కోడ్ మీద ఉన్న 20,000 మాకు అక్కర్లేదు, దీనిమీద బిల్లు వేయం, విడుదల చేయండి" అని సంతకం, స్టాంపుతో. మెషిన్లో రద్దు చేసిన మెసేజ్ మధ్యలో ఎక్కడో ఆగిపోతే బ్యాంకు వాళ్లు ఈ ఉత్తరం పెట్టుకుని చేత్తో తీయగలరు. ఉత్తరం లేకుండా కస్టమర్ మాట మీద తీయరు. ఎందుకంటే రేపు హోటల్ బిల్లు పంపితే డబ్బు లేకుండా పోతుందని వాళ్ల భయం.

బ్రాంచి_బాబాయ్
రాజు చెప్పింది కరెక్టే. మా బ్రాంచిలోనూ చూశాను. ఒక్కటి కలుపుతాను. బ్రాంచిలో కౌంటర్ దగ్గర మాకు ఇది తీసే బటన్ ఉండదు. కోర్టు, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఖాతా మీద పెట్టించే లీన్ వేరు, కార్డు హోల్డ్ వేరు. కార్డు విభాగానికి మెయిల్ పెట్టి ఎదురుచూడటమే. కాబట్టి బ్రాంచి మేనేజర్‌తో గొడవ పడి లాభం లేదు, కంప్లయింట్ నంబర్ మాత్రం తప్పకుండా తీసుకోండి.

రూల్స్_రమణ
బాబాయ్ గారూ, బ్యాంకు స్పందించకపోతే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు కదా. ఇది కూడా చెల్లదంటారా?

బ్రాంచి_బాబాయ్
చెల్లుతుంది. బ్యాంకుకి రాసి 30 రోజులు అయినా జవాబు లేకపోతే, లేదా జవాబు నచ్చకపోతే cms.rbi.org.in లో వేయొచ్చు. కానీ లెక్క చూడు, ఆ 30 రోజులు అయ్యేసరికి హోల్డ్ దానంతట అదే పడిపోతుంది. హోటల్ మీద అయితే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ ఫిర్యాదు నంబర్ వచ్చాక హోటల్ వాళ్ల గొంతు మారడం నేను చూశాను.

మైలాపూర్_మావయ్య
రమణ ఈరోజు ఒక పాయింటు కొట్టాడు. రాసి పెట్టుకోండి.

అనంతపురం_శీను
అప్‌డేట్. డ్యూటీ మేనేజర్ మొదట అదే పాట పాడాడు. రద్దు స్లిప్ ఫొటో పంపమన్నాను. కాసేపు లైన్లో ఉంచి, "సార్, అది వేరే మెషిన్లో ఉంది, అకౌంట్స్ వాళ్లు చూస్తున్నారు" అన్నాడు. అంటే ఇన్నాళ్లూ ఎవరూ చేయలేదు. మర్నాడు పొద్దున రద్దు స్లిప్ వాట్సాప్‌లో వచ్చింది, మీరు చెప్పినట్టే పాత అప్రూవల్ కోడ్ దానిమీద ఉంది. సాయంత్రానికి కూడా యాప్‌లో 16,720 అలాగే ఉంది. ఉత్తరం అడిగితే జీఎం సంతకం కావాలి, ఆయన ఊళ్లో లేరు అన్నారు. పీజీ వాళ్లకి అన్నయ్య దగ్గర తీసుకుని కట్టేశాను.

వేళచ్చేరి_వాణి
జీఎం ఊళ్లో లేకపోతే హోటల్ నడవడం లేదా?

డెస్క్_వెనక_రాజు
ఫైనాన్స్ మేనేజర్ సంతకం సరిపోతుంది శీను గారూ, జీఎం అక్కర్లేదు. అది మెయిల్లో రాయండి. ఈలోగా రద్దు స్లిప్ ఫొటోని బ్యాంకు కంప్లయింట్‌కి జత చేయండి.

అనంతపురం_శీను
హోల్డ్ పోయింది. ఇప్పుడు రెండు అంకెలూ ఒకటే, 36,720. హోటల్ రద్దు స్లిప్ వల్ల పోయిందా, బ్యాంకు వాళ్లు నా మెయిల్ చూసి తీశారా, లేక గడువు తీరి పోయిందా తెలీదు. బ్యాంకు నుంచి ఇంతవరకు జవాబు లేదు. ఉత్తరం కూడా రాలేదు. రాజు గారికి చాలా థాంక్స్.

రూల్స్_రమణ
గడువు తీరి ఉంటుంది. అంటే ఏమీ చేయకపోయినా వచ్చేది.

డెస్క్_వెనక_రాజు
కావచ్చు రమణ గారూ, కాకపోవచ్చు. రద్దు చేసిన రెండు మూడు రోజుల్లో పోయింది కాబట్టి నాకైతే రద్దు వల్లే అనిపిస్తోంది. బ్యాంకు చెబితే తప్ప తేల్చలేం.

నెల్లూరు_నాగమణి
నాదో డౌట్. మేం వచ్చే నెల చెన్నైలో ఆసుపత్రి పని మీద హోటల్లో ఉండాలి. హోల్డ్ పోయాక కూడా హోటల్ వాళ్లు మళ్లీ డబ్బు తీసుకోగలరా? గదిలో ఏదో విరిగిందని, ఫ్రిజ్‌లో డ్రింక్ తాగారని?

డెస్క్_వెనక_రాజు
ప్రీ-ఆథ్ రద్దయ్యాక ఆ కోడ్ మీద తీసుకోలేరు. రద్దు చేయకుండా బ్యాంకు వైపు గడువు తీరి పోయినదైతే, హోటల్ ఆలస్యంగా కంప్లీషన్ కొడితే ఒక్కోసారి తెగిపోతుంది. అప్పుడు బ్యాంకులో డిస్ప్యూట్ వేయాలి, చేతిలో ఫైనల్ బిల్లు ఉండాలి. కాబట్టి వెళ్లే రోజు బ్యాలెన్స్ సున్నా చూపించే బిల్లు ప్రింటు తీసుకోండి. కార్డు వాళ్ల చేతికిచ్చేముందు "పాత ప్రీ-ఆథ్ మీదే కంప్లీషన్ కొట్టండి" అని చెప్పండి. కుదరదంటే, కొత్త సేల్ కొట్టాక మీ ముందే పాతది రద్దు చేసి స్లిప్ ఇవ్వమనండి. రద్దీలో మొహం చిట్లిస్తారు, పట్టించుకోకండి.

నెల్లూరు_నాగమణి
మొహాలు చిట్లించడం మా ఇంట్లో అలవాటే. అడుగుతా.

కోరమంగళ_కుర్రోడు
రాజు అన్నా, నేనూ స్లిప్ అడిగాను. మా హోటల్ వాళ్లు "ఆ మెషిన్ సర్వీస్‌కి వెళ్లింది, కొత్తది వచ్చింది, పాత ప్రీ-ఆథ్ కొత్తదాంట్లో కనపడదు" అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

డెస్క్_వెనక_రాజు
మెషిన్ పోయినా వాళ్లకి మెషిన్ ఇచ్చిన బ్యాంకు ఉంది కదా. ఆ బ్యాంకు మర్చంట్ హెల్ప్‌డెస్క్‌కి హోటలే అప్రూవల్ కోడ్‌తో మెయిల్ పెట్టి రద్దు చేయించాలి. నీ దగ్గర ప్రీ-ఆథ్ స్లిప్ ఉందా?

కోరమంగళ_కుర్రోడు
స్లిప్ ఇవ్వలేదన్నా. బ్యాంకు ఎస్సెమ్మెస్ ఒక్కటే ఉంది, అందులో అప్రూవల్ కోడ్ లేదు.

బ్రాంచి_బాబాయ్
నీ బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఆ హోల్డ్ తాలూకు అప్రూవల్ కోడ్ అడుగు. వాళ్ల స్క్రీన్ మీద కనిపిస్తుంది. చెప్పకపోతే ఇక్కడ రాయి, చూద్దాం.